ఎదురు లైటు, పసుపు కళ్ళజోడు

(రావులపాలెంలో వ్యాన్, ట్రాలీ డ్రైవర్లు కూడుకున్న చోట ఒక ఆప్టోమెట్రిస్ట్ చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఎక్కించాం.)

అందరికీ నమస్కారమండీ. ఎండెక్కకముందే ముగించేస్తాను. తెల్లవారుజామున అరటి గెలల లోడు దింపి నేరుగా ఇటే వచ్చిన వాళ్ళు కొందరున్నారని మీ కళ్ళు చూస్తేనే తెలుస్తోంది.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. కళ్ళు పరీక్షించి అద్దాలు రాయడం నా వృత్తి. పని నేర్చుకున్న కొత్తల్లో ఒక అద్దాల షాపులో కూర్చునేవాణ్ణి. అక్కడ ఈ పసుపు కళ్ళజోళ్ళు ఒక స్టాండు నిండా వేలాడుతుండేవి. 'నైట్ గ్లాసులు' అనేవాళ్ళం. ఎవరైనా డ్రైవర్ వచ్చి "రాత్రిపూట ఎదురు లైటు పడితే కళ్ళు జిగేల్‌మంటున్నాయండీ" అంటే చాలు, ఒక జత తీసి పెట్టేవాణ్ణి. పెట్టుకోగానే "అబ్బ, ఎంత వెలుగొచ్చిందండీ" అనేవాళ్ళు. నాకూ అలాగే అనిపించేది. అందుకే అమ్మాను. చాలానే అమ్మాను. మీలో ఎవరి డాష్‌బోర్డు మీదైనా నేనమ్మిన జత ఇంకా ఉంటే, ఈ పూట చెప్పేది దాని బాకీ తీర్చడమే అనుకోండి.

ఆ తర్వాత ఒకాయన వచ్చారు. ఆయన సంగతి చెబితే మిగతాదంతా అందులోనే వచ్చేస్తుంది. పేరెందుకు, బాబాయిగారు అందాం. వయసు 61. లంకలో ఊరు. రోజూ రాత్రి మూడు గంటలకి గెలలు వేసుకుని ఏటిగట్టు మీదుగా ఇక్కడి మార్కెట్‌కి వస్తారు. ఒకరోజు గట్టు మీద ఎదురుగా కారొచ్చింది. హై బీమ్. డిప్పర్ కొట్టినా దించలేదు. ఆ వెలుగులోంచి బయటపడేసరికి బంపర్‌కి మూరెడు దూరంలో సైకిల్ నడిపించుకుంటూ ఒక మనిషి. బ్రేకు పడింది, గెలలు జారాయి, మనిషికి ఏమీ కాలేదు. ఆ రాత్రి బాబాయిగారి కళ్ళకి పసుపు జోడు ఉంది. కొని అప్పటికి నెల. "జోడు పెట్టుకున్నాక లైటు కంట్లో గుచ్చుకోవడం తగ్గిందండీ. కానీ మనిషి కనబడలేదేంటి?" అని అడిగారు.

ఆ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. గుచ్చుకోవడం ఒకటి, కనబడకపోవడం ఇంకొకటి. మనం రెండింటినీ కలిపి 'లైటు కొడుతోంది' అనేస్తాం. కంటికి అవి వేరు. గుచ్చుకోవడం అంటే ఇబ్బంది: కళ్ళు చిట్లించాలనిపిస్తుంది, మొహం తిప్పుకోవాలనిపిస్తుంది. కనబడకపోవడం అంటే నిజంగానే చూపు పడిపోవడం. లైటు గుచ్చుకోకపోయినా చూపు పడిపోవచ్చు. బాబాయిగారికి జరిగింది అదే.

ఎలా పడిపోతుందో చెబుతాను. కంట్లోకి వచ్చిన వెలుగంతా అనుకున్న చోటే పడదండీ. నల్లగుడ్డు మీది పొర, లోపలి కటకం, వెనకాల తెర, ఎంత ఆరోగ్యంగా ఉన్న కంట్లో అయినా ఇవి వెలుగును కొంచెం చెదరగొడతాయి. పొద్దున్నే మంచు పట్టినప్పుడు కాలువ అవతలి ఒడ్డు కనబడదు కదా? ఒడ్డు అక్కడే ఉంది, మధ్యలో తెల్లటి తెర పడింది. ఎదురు లైటు వేసినప్పుడు అలాంటి వెలుగు తెర మీ కంటి లోపలే పడుతుంది. లైటు కుడి పక్కన ఉంటే కుడి పక్కే కాదు, మీరు చూస్తున్న చోట కూడా ఆ తెర పరుచుకుంటుంది.

ఈ తెర ఎంత మందంగా ఉంటుందన్నదానికి ఒక పాత లెక్క ఉంది. ఆ సూత్రం మనకి అక్కర్లేదు, సారం చెబుతాను. మీరు చూసే వైపుకీ, ఆ లైటుకీ మధ్య ఎంత ఎడం ఉందో అదే కీలకం. ఎడం సగమైతే తెర రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. చెయ్యి చాపి బొటనవేలు నిలబెట్టండి. దాని వెడల్పు సుమారు 2 డిగ్రీలు. గట్టు రోడ్డు మీద 50 మీటర్ల దూరంలో ఉన్న కారు మీ చూపుకి రెండున్నర మీటర్లు పక్కన ఉంటుంది. అంటే 3 డిగ్రీలు, వేలున్నర. అదే నాలుగు లైన్ల హైవే మీద, మధ్యలో డివైడర్ ఉన్న చోట, అదే 50 మీటర్లకి ఎదురు బండి పది మీటర్లు పక్కకి ఉందనుకోండి. 11 డిగ్రీలు. ఎడం దాదాపు నాలుగు రెట్లు, కాబట్టి తెర పదిహేనో వంతు. బండి అదే, లైటు అదే, కన్నూ అదే. అందుకే హైవే మీద తాడేపల్లిగూడెం దాకా హాయిగా వెళ్ళొచ్చిన మనిషి, ఇంటికి ఐదు కిలోమీటర్లున్న గట్టు రోడ్డెక్కేసరికి "ఈ మధ్య నా కళ్ళు పాడైపోయాయి" అంటాడు. పాడైంది కన్ను కాదు. ఒకవైపు కాలువ, ఒకవైపు చేను, మధ్యలో సన్నటి రోడ్డు, లైటు పక్కకి జరగడానికి చోటు లేదు.

వయసు కూడా ఈ లెక్కలో ఉంది. కుర్రాళ్ళ కంట్లో పడే తెరతో పోలిస్తే 60 ఏళ్ళకి ఒకటిన్నర రెట్లు, 70 ఏళ్ళకి రెండు రెట్లు. ఇది ఏ జబ్బూ లేని కంటికి. శుక్లం మొదలైతే ఇంకా చాలా ఎక్కువ.

ఇప్పుడు ఆ సైకిల్ మనిషిని లెక్క కడదాం. ముదురు రంగు లుంగీ, ముదురు చొక్కా. మీ హెడ్‌లైట్ వెలుగులో రోడ్డు 100 పాళ్ళు మెరుస్తోందనుకోండి, ఆ మనిషి 60 పాళ్ళు. నూటికి 40 తేడా. ఇంత తేడా ఉంటే మనిషి సుబ్బరంగా కనబడతాడు. ఎదురు లైటు వచ్చి కంట్లో 300 పాళ్ళ తెర వేసింది. ఆ తెర రోడ్డు మీదా పడుతుంది, మనిషి మీదా పడుతుంది. రోడ్డు 400, మనిషి 360. తేడా ఇప్పుడు నూటికి 10. చీకట్లో నూటికి 10 తేడాని పట్టుకోవడం కంటికి కష్టం. మనిషి రోడ్డులో కలిసిపోయాడు.

ఇప్పుడు పసుపు జోడు పెట్టండి. అది నూటికి 80 పాళ్ళ వెలుగు పోనిస్తుందనుకుందాం. 400 కాస్తా 320 అయింది. బాగుంది, లైటు తగ్గింది. కానీ 360 కూడా 288 అయింది. తేడా ఎంత? 320కి 32. నూటికి 10, ఎక్కడిదక్కడే ఉంది. అద్దానికి ఎదురు లైటు ఏదో, మనిషి మీద నుంచి వచ్చే వెలుగేదో తెలియదండీ. రెండూ దాని గుండానే రావాలి, రెండిట్లోనూ కోత వేస్తుంది. తెర పలచబడలేదు. పైగా మొత్తం వెలుగు తగ్గింది, చీకటి పెరిగేకొద్దీ తేడాలు పట్టే శక్తి కంటికి ఇంకా తగ్గుతుంది. ఎదురు కారు దాటిపోయాక మిగిలిన చీకట్లో కూడా మీ కంటి మీద ఆ కోత అలాగే ఉంటుంది.

(ఇక్కడ సభలోంచి ఒకరు: "అద్దం నీలాన్ని ఆపుతుంది కదండీ, ఎల్‌ఈడీ లైటులో నీలమే కదా ఎక్కువ?")

ఆయ్, మంచి ప్రశ్న. అమ్మేవాళ్ళు చెప్పేదీ ఇదే. నేనూ అదే చెప్పేవాణ్ణి. తెల్ల ఎల్‌ఈడీలో నీలం పాలు ఎక్కువ, నిజం. ఆ నీలం కంటికి చిరాకు తెప్పిస్తుంది, అదీ నిజమే. అందుకే పసుపు జోడు పెట్టుకుంటే గుచ్చుకోవడం తగ్గుతుంది. బాబాయిగారు అబద్ధం చెప్పలేదు. కానీ చూపుని కప్పేసే తెర సంగతి వేరు. కంటి లోపల వెలుగు చెదరడం రంగుని పెద్దగా పట్టించుకోదు. ఆకాశం నీలంగా కనబడేది నీలం ఎక్కువ చెదరడం వల్ల, అది గాలిలోని అతి సన్నటి కణాల పని. కంట్లో తెర వేసేవి చాలావరకు అంతకంటే పెద్ద కణాలు. అవి నీలాన్నీ పసుపునీ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. ఇంకో సంగతి, మనం వెలుగు ఎంతుందని కొలుచుకునే లెక్కలో నీలం వాటా చాలా తక్కువ. దాన్ని పూర్తిగా కోసేసినా తెరలో తగ్గేది కొద్దిగానే. చీకట్లో పనిచేసే కంటి కణాలకైతే నీలం, ఆకుపచ్చ మధ్యలో ఉన్న వెలుగే బాగా పడుతుంది. ఈ అద్దం సరిగ్గా ఆ దరినే కోస్తుంది.

అరవై దాటిన వాళ్ళకి ఇంకో చిత్రం చెప్పాలి. వయసుతో పాటు కంటి కటకమే పసుపెక్కుతుంది. అంటే బాబాయిగారి కంట్లో దేవుడు పెట్టిన పసుపు అద్దం ముందే ఉంది, దాని మీద ఇంకోటి పెట్టుకున్నారు.

మరి పెట్టుకోగానే వెలుగొచ్చినట్టు ఎందుకుంటుంది? పసుపు అద్దంలోంచి చూస్తే లోకం ఉన్నదానికంటే వెలుగ్గా ఉన్నట్టు మెదడు అనుకుంటుంది. వెలుగు మీటరు పెట్టి కొలిస్తే తగ్గే ఉంటుంది. పచ్చకామెర్ల వాడి సామెత మీకు తెలిసిందే. ఈ నమ్మకమే నాకు భయం. బాగా కనబడుతోందన్న ధైర్యంతో పది కిలోమీటర్లు ఎక్కువ స్పీడు పోతాడు మనిషి.

లెక్క కాదు, చూసి చెప్పమంటారా? చూశారు కూడా. బోస్టన్‌లో షెపెన్స్ కంటి పరిశోధన సంస్థ వాళ్ళు డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద 22 మందిని కూర్చోబెట్టారు. ఎదురు హెడ్‌లైట్ కంట్లో పడేలా ఏర్పాటు చేశారు. రోడ్డు మీద నడిచేవాళ్ళని చూపించారు, కొందరు ముదురు నీలం చొక్కాలో, కొందరు నారింజ రంగు చొక్కాలో. మనిషి కనబడగానే హారన్ కొట్టాలి. బజారులో దొరికే మూడు రకాల పసుపు జోళ్ళతో ఒకసారి, మామూలు తెల్ల అద్దంతో ఒకసారి. 2019లో జామా ఆప్తాల్మాలజీ అనే వైద్య పత్రికలో వేశారు. ఎదురు లైటు ఉన్నప్పుడు ముదురు చొక్కా మనిషిని పట్టడం ఆలస్యమైంది. పసుపు జోడు ఆ ఆలస్యాన్ని తగ్గించలేదు. ఏ రకం జోడూ తగ్గించలేదు. మీకు ఆలస్యం అంటే ఏమిటో తెలుసు: 50 స్పీడులో సెకనుకి 14 మీటర్లు. అరసెకను పోతే ఏడు మీటర్లు.

ఇది మన దగ్గరే పుట్టిన పిచ్చి కాదు. ఫ్రాన్సులో 1930ల చివర నుంచి 1993 దాకా కార్లన్నిటికీ పసుపు హెడ్‌లైట్లే ఉండాలని చట్టం. యాభై ఏళ్ళకి పైగా దేశం మొత్తం పసుపు వెలుగులో తిరిగింది. చివరికి ఎత్తేశారు. మంచులో పసుపు లైటు దూసుకుపోతుందన్న మాట కూడా అలాంటిదే. మంచు బిందువులు చాలా పెద్దవి, వాటికి ఏ రంగైనా ఒకటే. మంచులో ఫాగ్ లైటు పనిచేసేది రంగు వల్ల కాదు, కింద అమర్చి నేల మీదికి వెడల్పుగా వేస్తారు కనుక.

సరే, బాబాయిగారి దగ్గరికి వద్దాం. జోడు పని చెయ్యదని చెప్పి పంపేస్తే సరిపోదు. లైటు చుట్టూ ఆయనకి వరదగుడి కడుతోంది, చంద్రుడికి కట్టినట్టు. దాంతో పాటు పక్కకి చీలికలు, చుక్కలో ముళ్ళలాగా. అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? వచ్చే చోట్లు మూడు. బండి అద్దం, కళ్ళజోడు నంబరు, కన్ను.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక ఆయన వ్యాన్ దగ్గరికే వెళ్ళాను. రోడ్డు పక్కన బండి ఆపి, దూరంగా ఒంటరిగా వెలుగుతున్న ఒక వీధి దీపాన్ని చూడమన్నాను. ముందు అద్దంలోంచి చూస్తే, ఆయన చెప్పినట్టే, పెద్ద గుడి. తలుపు తీసి బయటి నుంచి చూస్తే గుడి సగానికి పైగా చిన్నదయింది. అంటే సగం తప్పు బండిదే. అద్దానికి లోపలి వైపు వేలు పెట్టి రాశాను. జిడ్డు. డాష్‌బోర్డు ప్లాస్టిక్ ఎండకి వేడెక్కి ఆవిరి వదులుతుంది, అది అద్దానికి పొరలా పడుతుంది. దానికి తోడు రోజూ దేవుడి పటం దగ్గర వెలిగించే అగరబత్తి. నేను అగరబత్తి మానమనను. కానీ ఆ పొగ పోయి అతుక్కునేది ఎదురుగా ఉన్న అద్దానికే. బయటి వైపు సంగతి మీకే తెలుసు. రొయ్యల చెరువుల దగ్గర లైట్లకి మూగే పురుగులు అద్దానికి కొట్టుకుంటాయి, వైపర్ వేస్తే అరటిపండు రాసినట్టు పూస్తుంది. అరిగిపోయిన వైపర్ రబ్బరు దాని మీద ఇసుకని లాగి సన్నటి వంపు గీతలు పెడుతుంది. పగలు ఆ గీతలు కనబడవు. రాత్రి ఒక్కో గీత ఒక్కో దీపం.

ఇంకో చిన్న లెక్క. ముందు అద్దం నూటికి 70కి తగ్గకుండా వెలుగు పోనివ్వాలని రూల్. కొత్తది, శుభ్రంగా ఉన్నది 75 పోనిస్తోందనుకోండి. దాని మీద 80 పోనిచ్చే పసుపు జోడు. 75లో 80 పాళ్ళంటే 60. రోడ్డు మీది వెలుగులో నలభై పాళ్ళు కంటిదాకా రావడం లేదు. కళ్ళజోళ్ళ ప్రమాణాల్లో 75 కంటే తక్కువ పోనిచ్చే అద్దం రాత్రి డ్రైవింగ్‌కి పనికిరాదని ఉంది. రోడ్డు పక్కన అమ్మే ముదురు పసుపువి కొన్ని ఆ గీతకి కిందే ఉంటాయి.

అద్దం సంగతి తేలింది. మిగిలిన గుడి, ముళ్ళు? మళ్ళీ వీధి దీపాన్నే చూస్తూ తల కుడి భుజం వైపు వంచమన్నాను. ముళ్ళు తలతో పాటు తిరిగాయి. ఈ పరీక్ష మీరూ చేసుకోవచ్చు, బండి ఆపి ఉన్నప్పుడు. ముళ్ళు మీ తలతో పాటు తిరిగితే అవి కంటివి. తల వంచినా అలాగే ఉంటే అవి బండి అద్దానివి. తర్వాత కేలెండరు అట్టకి గుండుసూదితో ఒక కన్నం పెట్టి, అందులోంచి ఒక్కో కంటితో చూడమన్నాను. ముళ్ళు చాలావరకు పోయాయి. అంటే ఆయనకి నంబరు ఉంది, అద్దాలు పెట్టుకోవడం లేదు. "నాకు దూరం బానే కనబడుతుందండీ, పేపరుకే అద్దాలు" అన్నారు. పగలు కంటిపాప చిన్నదిగా ఉంటుంది, చిన్న నంబరు లోపం బయటపడదు. రాత్రి పాప పెద్దదవుతుంది, దాచుకున్న లోపమంతా బయటకొస్తుంది. అయితే కన్నంలోంచి చూసినా కుడి కంటిలో ఒక మబ్బు మాత్రం మిగిలింది. నాకు అసలు అనుమానం వచ్చింది అక్కడే.

మర్నాడు పరీక్ష చేశాను. గదిలో బోర్డు చదివిస్తే కుడి కన్ను 6/9, ఎడమది 6/6. ఎక్కడ చూపించుకున్నా "బానే ఉంది" అంటారు. అప్పుడు బోర్డు చదువుతుండగా కుడి కంటికి కొంచెం పక్కగా టార్చి వేశాను. 6/24కి పడిపోయింది. ఆరు మీటర్ల నుంచి ఆయన చదవగలిగిన పై వరుస, మామూలు కన్ను 24 మీటర్ల నుంచి చదువుతుంది. టార్చి తీసేస్తే మళ్ళీ 6/9. గట్టు మీద ఆ రాత్రి జరిగింది నా గదిలో నా కళ్ళముందు జరిగింది. కుడి కన్నే ఎదురు బండి వైపు ఉండేది కూడా. కంటి డాక్టరు గారు పాప పెద్దది చేసి చూస్తే, కటకం వెనక పొర మీద, సరిగ్గా మధ్యలో, శుక్లం మొదలైంది. షుగర్ ఉన్నవాళ్ళలో, స్టెరాయిడ్ మందులు ఎక్కువ కాలం వాడినవాళ్ళలో ఈ రకం ఎక్కువగా చూస్తాం. బాబాయిగారికి షుగర్ ఉంది. ఈ శుక్లం బోర్డు మీద చూపును పెద్దగా పాడు చెయ్యదు, ఎదురు లైటులో మాత్రం ముంచేస్తుంది. అందుకే మీరు పరీక్షకి వెళ్ళినప్పుడు "చూపు ఆనడం లేదు" అని మాత్రమే అనకండి. "రాత్రి బండి నడుపుతాను, ఎదురు లైటు పడితే మనిషి కనబడడం లేదు" అనండి. ఆ మాట వింటే పరీక్ష చేసేవాడు టార్చి తీస్తాడు.

ఒక్క హెచ్చరిక మధ్యలోనే చెప్పేస్తాను. లైటు చుట్టూ గుడి ఇంద్రధనుస్సు రంగుల్లో కడుతూ, దాంతో పాటు కంట్లో నొప్పి, ఎరుపు, తలపోటు, వాంతి వచ్చేటట్టు ఉంటే అది అద్దాలతో పోయేది కాదు. నీటికాసుల జబ్బు ఒకటి ఒక్కసారిగా అలా వస్తుంది. ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

బాబాయిగారికి ఏం చేశాం? మొదట అద్దం. సబ్బు నీళ్ళతో లోపలి జిడ్డు కడిగి, వేరే పొడి బట్టతో మెరుపు వచ్చేదాకా తుడిచాం. తుడిచిన తడిబట్టతోనే మళ్ళీ తుడిస్తే జిడ్డు చోటు మారుతుందంతే. వైపర్ రబ్బర్లు మార్పించాం. రెండోది నంబరు: తెల్ల అద్దాలే, యాంటీ రిఫ్లెక్షన్ పూతతో. పూత లేని ప్లాస్టిక్ అద్దం రెండు వైపులా కలిపి నూటికి 8 పాళ్ళ వెలుగు వెనక్కి కొడుతుంది, పూత వేస్తే దాదాపు అంతా పోనిస్తుంది, లైటుకి పక్కన దొంగ లైటు కనబడదు. కొన్ని ఖరీదైన పసుపు జోళ్ళకి ఈ పూత ఉంటుంది. అవి పెట్టుకుని "నాకు పనిచేసిందండీ" అనేవాళ్ళలో కొందరికి పనిచేసింది పూత, పేరొచ్చింది రంగుకి.

మూడోది, రాత్రి లోడు కొడుక్కి అప్పగించమన్నాం. దీని దగ్గర వారం రోజులు గొడవైంది, అది ఇంటి సంగతి. తర్వాత కుడి కంటికి ఆపరేషన్ చేయించుకున్నారు. అక్కడ ఒక సంగతి డ్రైవర్లంతా గుర్తుపెట్టుకోవాలి. లోపల పెట్టే లెన్సుల్లో దగ్గరికీ దూరానికీ కలిపి పనిచేసే మల్టీఫోకల్ రకం ఉంది, ఖరీదెక్కువ. అది పెడితే పేపరుకి అద్దాలు అక్కర్లేకపోవచ్చు, కానీ రాత్రి లైట్ల చుట్టూ గుడి కట్టడం దాని స్వభావం. ఎక్కువ డబ్బు పెట్టి గుడి కొనుక్కోవడం ఎందుకు? మేం డాక్టరు గారితో "ఈయన రాత్రి డ్రైవరండీ" అని ముందే చెప్పాం, ఒక్క దూరానికే పనిచేసే మామూలు లెన్సు పెట్టారు. పేపరుకి పాత అద్దాలే.

ఇంకొక్కటి ఉంది, ఇది మీకు నచ్చదు. ఆ రాత్రి వీధి దీపం దగ్గర పరీక్ష అయ్యాక బాబాయిగారి బండి లైటు వేయించి, ఎదురుగా పాతిక అడుగుల దూరంలో ఉన్న గోడ మీద చూశాను. ఖాళీ బండికి డిమ్ లైటు గోడ మీద నా నడుం దగ్గర పడింది. గెలలు ఎక్కించాక చూస్తే ఛాతీ దాటింది. వెనక బరువుకి ముక్కు పైకి లేస్తుంది, డిమ్ కాస్తా ఎదుటివాడి కళ్ళలోకి పోతుంది. కారు వాడిని తిట్టుకుంటున్న బాబాయిగారే నెలల తరబడి ఎదుటివాళ్ళకి అదే చేస్తున్నారు. చాలా బండ్లలో స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. లోడు వేసినప్పుడు దాన్ని తిప్పితే లైటు దిగుతుంది. ఇన్నేళ్ళలో ఆయన దాన్ని ముట్టుకోలేదు. అదేమిటని అడిగితే "ఏసీదేమో అనుకున్నానండీ" అన్నారు. బండిలో ఏసీ లేదు.

ఎదురు లైటు పడ్డప్పుడు ఏం చెయ్యాలని అడుగుతారు. లెక్క మీ చేతిలోనే ఉంది: ఎడం పెంచండి. లైటు కుడి పక్కన, కాబట్టి చూపు రోడ్డు ఎడమ అంచు మీదికి దించండి, అక్కడ తెల్ల గీత ఉన్నా సరే, గడ్డి అంచు ఉన్నా సరే. చూపు 3 డిగ్రీల నుంచి 6కి జరిగితే తెర నాలుగో వంతుకి పడిపోతుంది. కాలు బ్రేకు మీదికి రానివ్వండి. డాష్‌బోర్డు దీపం తగ్గించండి. ఫోను ముందు పెట్టుకున్నవాళ్ళు దాని వెలుగు కూడా.

(సభలోంచి: "మరి ఇంట్లో ఉన్న పసుపు జోడు ఏం చెయ్యమంటారు?")

పగలు పెట్టుకోండి. గాలికి దుమ్ము, పురుగులు కంట్లో పడకుండా అడ్డం ఉంటుంది, బైకు మీద ఇంకా మంచిది. సూర్యుడు దిగాక తీసి పెట్టెలో పెట్టెయ్యండి. నేనమ్మినదైతే తెచ్చి ఇచ్చెయ్యండి, డబ్బులు అడగొద్దు గానీ టీ పోయిస్తాను.

ఇప్పుడు బయట మామిడి చెట్టు కింద నిలబెట్టిన ఆ నీలం ట్రాలీ ఎవరిదండీ? మీదేనా? తాళం ఇవ్వండి. టార్చి తెచ్చాను. ముందు అద్దానికి ఇటువైపు నుంచి ఏటవాలుగా వేస్తాను, మీరు డ్రైవర్ సీట్లో కూర్చుని చూడండి, ఏం కనబడుతుందో. ఒక్కొక్కరుగా రండి.